స్కోరు కార్డు ఫొటో నుంచి లెక్కల పట్టిక: తప్పును పట్టిచ్చేది కూడికే

బస్తర్‌లో క్రికెట్ పోటీల ఫలితాలు ఎక్కువగా ఫొటోల రూపంలోనే ప్రయాణిస్తాయి. జగ్దల్‌పూర్, సుక్మా, బీజాపూర్, కుంట వంటి చోట్ల మ్యాచ్ ముగియగానే స్కోరర్ నోటుపుస్తకంలోని పేజీని ఫోన్‌తో ఫొటో తీసి వాట్సాప్‌లో పంపుతారు. కొందరు స్కోరింగ్ యాప్ తెరను యథాతథంగా చిత్రంగా తీసి పంపుతారు. మరుసటి రోజు క్రీడావార్తకు, టోర్నమెంటు పాయింట్ల పట్టికకు, జట్టు ఎంపిక చేసేవారికి ఆ ఒక్క చిత్రమే ఆధారం.

అయితే చిత్రంలో ఉన్నవి అంకెలు కావు, అంకెల ఆకారంలో ఉన్న చుక్కలు. వాటిని కూడడం, వెతకడం, మరో మ్యాచ్‌తో పోల్చడం సాధ్యం కాదు. ప్రతి బ్యాటర్‌కు ఒక వరుస, ఆ వరుసలో పేరు, పరుగులు, ఆడిన బంతులు, చివర అదనపు పరుగులకు మరో వరుస ఏర్పడినప్పుడే చిత్రం సమాచారంగా మారుతుంది. ఈ మార్పిడిలో ఒక్క అంకె తారుమారైతే ముప్పయ్యారు చేసిన ఆటగాడి పేరిట ముప్పయి నమోదవుతుంది. చాలా స్థానిక పోటీల్లో ఆ పేజీకి మరో నకలు ఉండదు గనుక ఆ తప్పే చరిత్రగా నిలిచిపోతుంది.

అదృష్టవశాత్తు స్కోరు కార్డు దుకాణం జమాఖర్చుల పుస్తకం వంటిది. అందులోని అంకెలు ఒకదానినొకటి సరిచూస్తాయి. ఈ పనిలో అసలు కీలకం చిత్రాన్ని చదివే సాఫ్ట్‌వేర్ కాదు, చదివిన తరువాత వేసే కూడికలు.

ఉదాహరణకు ఒక కార్డు

ఈ విధానాన్ని వివరించడానికి ఎవరైనా సరిచూసుకోగల కార్డు అవసరం. ఛత్తీస్‌గఢ్ గడ్డపై జరిగిన మొదటి అంతర్జాతీయ మ్యాచ్ అందుకు అనువైనది. 2023 జనవరి 21న నవ రాయ్‌పూర్‌లోని షహీద్ వీర్ నారాయణ్ సింగ్ అంతర్జాతీయ మైదానంలో భారత్, న్యూజిలాండ్ జట్ల మధ్య జరిగిన వన్డే అది. జగ్దల్‌పూర్‌కు సుమారు 300 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ మైదానంలో న్యూజిలాండ్ 15 పరుగులకే 5 వికెట్లు కోల్పోయింది. చివరకు 34.3 ఓవర్లలో 108 పరుగులకు ఆలౌట్ అయింది. భారత్ 20.1 ఓవర్లలో 2 వికెట్లకు 111 పరుగులు చేసి గెలిచింది.

న్యూజిలాండ్ ఇన్నింగ్స్ కార్డును వరుసలుగా మార్చితే కొన్ని పంక్తులు ఈ విధంగా ఉంటాయి.

```
batter,dismissal,runs,balls
Finn Allen,b Shami,0,5
Glenn Phillips,c Suryakumar b Washington,36,52
Henry Shipley,not out,2,9
Extras,,7,
Total,,108,207
```

చూడడానికి ఇది సులభంగానే కనిపిస్తుంది. కానీ చిత్రం నుంచి ఇక్కడికి చేరేలోగా మూడు చోట్ల పొరపాటు జరిగే అవకాశం ఉంది. అంకెను చదవడంలో, అంకెను సరైన పేరుతో జతచేయడంలో, అదనపు పరుగులను అర్థం చేసుకోవడంలో.

చదవడం: ముద్రణ వేరు, చేతిరాత వేరు

ముద్రిత అక్షరాలను, తెరమీది అక్షరాలను చదవడానికి ఉచితంగా లభించే టెసరాక్ట్ అనే ప్రోగ్రాము విస్తృతంగా వాడుకలో ఉంది. హెచ్‌పీ సంస్థలో రూపొందిన ఈ ప్రోగ్రాము 2005లో బహిరంగ సాఫ్ట్‌వేర్‌గా విడుదలైంది. స్కోరు కార్డు చిత్రాన్ని దానికి ఇచ్చే ఆదేశం ఒకే పంక్తి.

```
tesseract card.png card --psm 6 tsv
```

ఇందులో `--psm 6` అనే భాగం చిత్రమంతా ఒకే దిమ్మెగా ఉన్న వచనమని ప్రోగ్రాముకు చెబుతుంది. అది లేకపోతే పేర్లను ఒక వార్తాపత్రిక కాలంగా, పరుగులను మరో కాలంగా విడదీసి చదివే ప్రమాదం ఉంది. అప్పుడు పేర్లన్నీ ఒకచోట, అంకెలన్నీ మరోచోట వచ్చి చేరతాయి. చివర ఉన్న `tsv` వల్ల ప్రతి పదంతోపాటు అది చిత్రంలో ఎక్కడ ఉందో, ఆ పఠనంపై ప్రోగ్రాముకు ఎంత నమ్మకం ఉందో కూడా తెలుస్తుంది. ఈ రెండు వివరాలూ తరువాత అక్కరకు వస్తాయి.

చిత్రం నాణ్యత ఇక్కడ నిర్ణాయకం. పెద్ద అక్షరం ఎత్తు సుమారు 30 పిక్సెళ్లు ఉంటే పఠనం బాగా కుదురుతుంది. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపినప్పుడు చిత్రం కుదించుకుపోయి 6, 8, 0 అంకెల లోపలి ఖాళీలు పూడుకుపోతాయి. అదే చిత్రాన్ని డాక్యుమెంటుగా పంపితే అసలు రూపం నిలుస్తుంది.

అంకెల పొరపాట్లకూ ఒక తీరు ఉంది. సున్నా ఆంగ్ల అక్షరం ఓగా, ఒకటి నిలువు గీతగా రావడం సామాన్యం. ఇవి సంఖ్యల గడిలో అక్షరాలుగా కనిపిస్తాయి గనుక వెంటనే బయటపడతాయి. నాటౌట్‌ను సూచించే నక్షత్రపు గుర్తు పక్క అంకెలో కలిసిపోయినా, 7 కాస్తా 1గా మారినా, 6 కాస్తా 0గా మారినా అంత సులువుగా బయటపడవు. తప్పు అంకె కూడా అంకెలాగే కనిపిస్తుంది.

చేతిరాత పేజీల సంగతి వేరు. టెసరాక్ట్ ప్రధానంగా ముద్రణకు ఉద్దేశించినది కనుక బాల్‌పెన్నుతో గీతల పుస్తకంలో రాసిన స్కోరును అది నమ్మదగినట్లు చదవలేదు. బస్తర్‌లోని పేజీల్లో పేర్లు దేవనాగరిలో ఉండవచ్చు, కొన్నిసార్లు అంకెలు కూడా. దేవనాగరి అంకెల్లో ఒకటికీ తొమ్మిదికీ మధ్య తేడా ఒక చిన్న వంపు మాత్రమే. అటువంటి పేజీని ఇద్దరు వ్యక్తులు విడివిడిగా టైపు చేసి, రెండు పట్టికలనూ పోల్చి, తేడా వచ్చిన గడులను మాత్రమే ఫొటోలో తిరిగి చూడడం మేలైన పద్ధతి. యంత్రం చదివినా మనిషి టైపు చేసినా ఆ తరువాతి కూడికలు మాత్రం ఒక్కటే.

జతచేయడం: రెండు డిగ్రీల వంపు చేసే చేటు

పదాల స్థానాలు తెలిసిన తరువాత ఒకే ఎత్తులో ఉన్నవాటిని ఒక వరుసగా చేరుస్తారు. ఎడమ చివర ఉన్నది పేరు, తరువాత ఔటైన విధానం, కుడివైపు మొదటి సంఖ్య పరుగులు, రెండవది బంతులు. ఔటైన విధానంలో క్యాచ్ పట్టినవారి పేరు, బౌలర్ పేరు కూడా ఉంటాయి కాబట్టి ఎడమ నుంచి లెక్కపెడితే గడుల సంఖ్య ఒక్కో వరుసకు ఒక్కో విధంగా వస్తుంది. అందువల్ల సంఖ్యలను కుడి చివరనుంచి లెక్కించడమే క్షేమం.

ఫోనును కాస్త వంచి పట్టుకుని ఫొటో తీస్తే ఈ పద్ధతి దెబ్బతింటుంది. పేరుకూ పరుగులకూ మధ్య దూరం 1,200 పిక్సెళ్లు, ఒక్కో వరుస ఎత్తు 40 పిక్సెళ్లు అనుకుందాం. ఫొటో కేవలం రెండు డిగ్రీలు వంగితే కుడి చివర సుమారు 42 పిక్సెళ్లు కిందికి దిగుతుంది. అంటే ఒక బ్యాటర్ పరుగులు సరిగ్గా తరువాతి బ్యాటర్ పేరుకు ఎదురుగా వచ్చి నిలుస్తాయి. రాయ్‌పూర్ కార్డులో ఈ విధంగా జరిగితే ఫిలిప్స్ చేసిన 36 పరుగులు బ్రేస్‌వెల్ ఖాతాలోకి, బ్రేస్‌వెల్ 22 పరుగులు శాంట్నర్ ఖాతాలోకి వెళ్లిపోతాయి.

ఇటువంటి జరుగుబాటును అంచులు బయటపెడతాయి. మొదటి బ్యాటర్ ఫిన్ అలెన్ వరుస ఖాళీగా మిగులుతుంది. అదనపు పరుగుల వరుసకు చివరి బ్యాటర్ టిక్నర్ చేసిన 2 చేరుతుంది. మొత్తం స్కోరు గడిలో 108కి బదులు 7 కనిపిస్తుంది. కనుక పట్టిక తయారైన వెంటనే మొదటి వరుసను, చివరి వరుసను ఫొటోతో పోల్చడం, ఫొటో వంగి ఉంటే గీతలు అడ్డంగా నిలిచేలా తిప్పి మళ్లీ చదివించడం తప్పనిసరి.

బస్తర్‌లో పేర్లు కూడా జాగ్రత్త కోరతాయి. కశ్యప్, నాగ్, కవాసి, సోడి, మడ్కం వంటి ఇంటిపేర్లు ఒకే జట్టులో ఇద్దరు ముగ్గురికి ఉండడం ఇక్కడ సహజం. పట్టికలో ఇంటిపేరు మాత్రమే మిగిలితే ఇద్దరి పరుగులు ఒకరి పేరిట కలిసిపోతాయి. బ్యాటింగ్ క్రమసంఖ్యను కూడా ఒక గడిగా ఉంచితే ఈ చిక్కు తొలగుతుంది.

మొదటి కూడిక: పరుగులు

పట్టిక సిద్ధమయ్యాక మొదటి పరీక్ష తేలికైనది. బ్యాటర్ల పరుగులన్నిటినీ కూడి, అదనపు పరుగులు చేర్చితే మొత్తం స్కోరు రావాలి. న్యూజిలాండ్ బ్యాటర్ల పరుగులు వరుసగా 0, 7, 2, 1, 1, 36, 22, 27, 2, 1, 2. వీటి మొత్తం 101. అదనపు పరుగులు 7. రెండూ కలిపితే 108. కార్డు సరిపోయింది.

ఇప్పుడు ఫిలిప్స్ 36ను యంత్రం 30గా చదివిందనుకుందాం. మొత్తం 102 అవుతుంది. 6 పరుగులు తగ్గాయి. తప్పు ఉందని కూడిక చెప్పింది కానీ ఎక్కడ ఉందో చెప్పలేదు. కాన్వే 7ను 1గా చదివినా, శాంట్నర్ 27ను 21గా చదివినా అదే 6 తగ్గుతుంది.

స్థానాన్ని గుర్తించడానికి స్ట్రైక్ రేటు గడి తోడ్పడుతుంది. వంద బంతులకు ఎన్ని పరుగులన్నదే స్ట్రైక్ రేటు. ఫిలిప్స్ 52 బంతుల్లో 36 చేశాడు గనుక అతని రేటు 69.23. పరుగులు 30 అయితే రేటు 57.69 కావాలి. ముద్రిత గడిలో 69.23 ఉంది కాబట్టి తప్పు ఆ వరుసలోనే ఉందని తేలుతుంది. అంటే ప్రతి వరుసనూ దానితోనే సరిచూడవచ్చు. చేతిరాత పేజీలో ఈ గడి ఉండదు. దానికి బదులు చాలా స్కోరు పుస్తకాల్లో బ్యాటర్ పేరు పక్కనే అతను కొట్టిన ఒక్కొక్క పరుగూ 1, 4, 2 అని వరుసగా రాసి ఉంటుంది. వాటిని కూడితే అతని స్కోరు రావాలి.

రెండవ కూడిక: బంతులు

ఓవర్ల సంఖ్యలోని చుక్క దశాంశ బిందువు కాదు. 34.3 అంటే 34 ఓవర్లు, మరో 3 బంతులు. ముప్పైనాలుగును ఆరుతో గుణించి మూడు కలిపితే 207 బంతులు. కంప్యూటర్ పట్టికలో ఈ సంఖ్యను యథాతథంగా ఆరుతో గుణిస్తే 205.8 వస్తుంది. బంతుల లెక్కలో భిన్నం కనిపించిందంటే ఈ పొరపాటు జరిగినట్లే.

బ్యాటర్లు ఆడిన బంతులు వరుసగా 5, 16, 20, 3, 17, 52, 30, 39, 9, 9, 7. మొత్తం 207. ఓవర్ల లెక్కతో సరిగ్గా సరిపోయింది. ఈ సమానత్వం మరో విషయాన్ని కూడా చెబుతోంది. వైడ్ బంతిని బ్యాటర్ ఆడినట్లు లెక్కించరు. నోబాల్‌ను మాత్రం లెక్కిస్తారు, కానీ అది ఓవర్లో చేరదు. కనుక బ్యాటర్ల బంతుల మొత్తం ఓవర్ల బంతులకంటే ఎన్ని ఎక్కువైతే అన్ని నోబాల్స్ పడినట్లు. ఇక్కడ తేడా సున్నా. అంటే న్యూజిలాండ్ ఇన్నింగ్స్‌లో నోబాల్ లేదు. ఒకవేళ తేడా వచ్చి, అదనపు పరుగుల గడిలో నోబాల్ ప్రస్తావన లేకుంటే ఎక్కడో బంతుల సంఖ్య తప్పు చదివినట్లే.

మూడవ కూడిక: అదనపు పరుగులు

పట్టికగా మార్చడంలో అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టేది అదనపు పరుగుల వరుస. మిగతా వరుసల్లో ఒక్కో గడికి ఒక్కో సంఖ్య ఉంటే, ఇక్కడ మొత్తం పక్కన కుండలీకరణాల్లో బై, లెగ్‌బై, వైడ్, నోబాల్ విడివిడిగా ఉంటాయి. వాటి మధ్యనుండే కామాలు గడులను విడదీసే కామాలతో కలిసిపోయి పట్టిక చెదురుతుంది. అందువల్ల ఈ నాలుగింటికీ నాలుగు ప్రత్యేక గడులు కేటాయించి, మొత్తాన్ని ఐదో గడిలో ఉంచాలి. నాలుగింటి కూడిక ఐదోదానికి సమానం కావాలి. ఒకే వైడ్ బంతి బౌండరీకి వెళితే 5 పరుగులు వస్తాయి కాబట్టి వైడ్ గడిలో ఉండేది పరుగులే, బంతుల సంఖ్య కాదు.

కుండలీకరణాల్లోని చిన్న అక్షరాలు చిత్రంలో మసకబారినా వివరం పూర్తిగా పోదు. బౌలర్ల పట్టిక దానిని తిరిగి ఇస్తుంది. వైడ్లు, నోబాల్స్ బౌలర్ ఖాతాలో చేరతాయి. బైలు, లెగ్‌బైలు చేరవు. రాయ్‌పూర్‌లో షమీ 18, సిరాజ్ 10, శార్దూల్ ఠాకూర్ 26, హార్దిక్ పాండ్యా 16, కుల్దీప్ యాదవ్ 29, వాషింగ్టన్ సుందర్ 7 పరుగులు ఇచ్చారు. మొత్తం 106. జట్టు స్కోరు 108. పెనాల్టీ పరుగులు లేనప్పుడు ఆ తేడా 2 పరుగులు బైలు లేదా లెగ్‌బైలు కావాలి. అదనపు పరుగులు 7లో ఆ రెండూ పోగా 5 మిగులుతాయి. నోబాల్ లేదని బంతుల లెక్క ఇదివరకే తేల్చింది. కనుక ఆ ఐదూ వైడ్లే. ఫొటోలో కనబడని వివరాన్ని కనిపించిన అంకెలే చెప్పాయి.

భారత ఇన్నింగ్స్‌కూ ఇదే కొలబద్ద వర్తిస్తుంది. రోహిత్ శర్మ 51, శుభ్‌మన్ గిల్ 40, విరాట్ కోహ్లీ 11, ఇషాన్ కిషన్ 8. మొత్తం 110, అదనంగా 1, స్కోరు 111. వారు ఆడిన బంతులు 50, 53, 9, 9. మొత్తం 121. 20.1 ఓవర్లంటే 121 బంతులే. అదనంగా వచ్చిన ఆ ఒక్క పరుగు నోబాల్ వల్ల రాలేదని ఇక్కడా స్పష్టమవుతుంది.

కూడికలు చెప్పలేనివి

ఈ పరీక్షలన్నీ నెగ్గిన పట్టిక కూడా తప్పు కావచ్చు. ఫిలిప్స్ 52 బంతుల్లో 36, శాంట్నర్ 39 బంతుల్లో 27 చేశారు. విచిత్రంగా ఇద్దరి స్ట్రైక్ రేటూ 69.23. ఈ ఇద్దరి అంకెలు పరస్పరం మారిపోతే పరుగుల మొత్తం మారదు, బంతుల మొత్తం మారదు, స్ట్రైక్ రేటు కూడా మారదు. కానీ న్యూజిలాండ్ తరఫున అత్యధిక స్కోరు చేసింది శాంట్నర్ అని వార్త వెలువడుతుంది. షిప్లీ, ఫెర్గూసన్ ఇద్దరూ తొమ్మిదేసి బంతులు ఆడి 2, 1 పరుగులు చేశారు. వారి పరుగులు తారుమారైనా మొత్తాలు చలించవు.

అంటే అంకెలు సరైనవేనా అన్న ప్రశ్నకు కూడిక జవాబిస్తుంది, అవి ఎవరివన్న ప్రశ్నకు ఇవ్వలేదు. ఆ రెండో ప్రశ్నకు పట్టికను ఫొటో పక్కన పెట్టుకుని ఒక్కొక్క పేరుపై వేలు పెట్టి చదవడం తప్ప మార్గం లేదు. పదకొండు వరుసలు చదవడానికి ఒక నిమిషం చాలు. ప్రోగ్రాము తక్కువ నమ్మకంతో చదివిన పదాలను ముందుగా చూస్తే పని మరింత తేలికవుతుంది.

ఖాళీ గడి విషయంలోనూ జాగ్రత్త అవసరం. బ్యాటింగ్‌కు దిగని ఆటగాడికి సున్నా పరుగులు నమోదు చేస్తే అతను ఖాతా తెరవకుండా ఔటయినట్లు అర్థం వస్తుంది. ఫిన్ అలెన్ 5 బంతులు ఆడి చేసిన సున్నా వేరు, ఆడే అవసరమే రాని భారత బ్యాటర్ల ఖాళీ వేరు. ఎనిమిది, పది ఓవర్ల టెన్నిస్ బాల్ పోటీల్లో బ్యాటర్ ఆడిన బంతులను చాలామంది స్కోరర్లు రాయరు. అటువంటి పేజీలో బంతుల గడిని ఖాళీగానే ఉంచాలి. ఆ పేజీకి రెండవ కూడిక వర్తించదు గనుక నోబాల్స్ సంఖ్యను ఊహించకూడదు.

మరొక చిక్కు కూడా ఉంది. స్కోరరే మైదానంలో తప్పు కూడి ఉండవచ్చు. అప్పుడు పేజీని ఎంత శ్రద్ధగా చదివినా మొత్తం సరిపోదు. అంకెలను అటూఇటూ సవరించి మొత్తానికి సరిపెట్టడం అన్నిటికంటే హానికరమైన పని. పేజీలో ఉన్నదాన్ని ఉన్నట్లే నమోదు చేసి, తేడా ఎంతో పక్కన ఒక గడిలో రాసి, స్కోరర్‌ను అడిగి తెలుసుకోవాలి. ఆటగాడు, స్కోరర్, ఎదుటి జట్టు నాయకుడు ఇంకా మ్యాచ్‌ను మరచిపోకముందే ఆ ప్రశ్న వారికి చేరాలి. అందుకే ఫొటో అందిన సాయంత్రమే కూడికలు వేయడం మంచిది.